ఒక నిచ్చెన చాలదు: వర్ణపట రసాయన శ్రేణి బోధనపై విమర్శ

వరంగల్లులో నేను పాఠం చెప్పే కళాశాల రసాయనశాలలో, ఒకే అరమీద రెండు సీసాలు పక్కపక్కన ఉంటాయి. ఒక దానిలో క్రోమ్ పటిక ఉన్నది. రెండవ దానిలో పొటాసియం ట్రైఆక్సలేటోక్రోమేటు ఉన్నది. రెండూ డిగ్రీ విద్యార్థులు ప్రయోగ తరగతిలో తయారు చేసినవే. రెండూ నారింజరంగు పొటాసియం డైక్రోమేటునుండి పుట్టినవే. ఆమ్ల ద్రావణంలో డైక్రోమేటును ఆల్కహాలుతో క్షయకరణం చేస్తే మొదటిది వస్తుంది. ఆక్సాలిక్ ఆమ్లము, పొటాసియం ఆక్సలేటు కలిపి చేస్తే రెండవది వస్తుంది. మొదటి దానిని చల్లని నీటిలో కరిగిస్తే ఊదారంగు. రెండవ దానిని కరిగిస్తే నీలం కలిసిన ఆకుపచ్చ.

ఒకనాడు ఈ రెండు ద్రావణాలనూ కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి ఒక విద్యార్థి అడిగినాడు: “సార్, నీరు, ఆక్సలేటు రెండూ శ్రేణిలో పక్కపక్కనే ఉన్నవని మీరే చెప్పారు గదా. రెండింటి బలమూ ఇంచుమించు ఒకటే అయినప్పుడు రంగులు ఇంత వేరుగా ఎందుకున్నాయి?”

అంతకుముందు జరిగిన పరీక్షలో అదే తరగతివారు “నీరు, ఆక్సలేటు సమానబలం గలవి, కనుక క్రోమియంతో అవి కట్టే బంధాలు ఒకే తరహావి” అని వ్రాయగా నేను పూర్తి మార్కులు వేసి ఉన్నాను. ఆ జవాబులో మొదటి సగం నిజం. రెండవ సగం తప్పు. ఆ తప్పు విద్యార్థులది కాదు. నేను చెప్పిన పాఠానిది, మన పాఠ్యగ్రంథాలు ఈ విషయాన్ని చెప్పే తీరుది. ఆ తీరును పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

శ్రేణి చెప్పేదేమి?

ముందు అందరికీ తెలిసిన భాగం చూతాము. క్రోమియం వంటి లోహపు అయాను చుట్టూ ఆరు లైగాండులు చేరినప్పుడు, దాని అయిదు d ఆర్బిటాళ్లు రెండు మెట్లుగా విడిపోతాయి. లైగాండులకు సూటిగా ఎదురైన రెండు పైమెట్టు, వాటి సందులలోకి చూసే మూడు కిందిమెట్టు. ఈ రెండు మెట్ల ఎడమే Δ. ఈ ఎడాన్ని ఏ లైగాండు ఎంత పెంచుతుందో చూసి వరుసగా పేర్చినదే వర్ణపట రసాయన శ్రేణి. జపాను శాస్త్రజ్ఞుడు రియుతారో త్సుచిద 1938లో, ముఖ్యంగా కోబాల్టు సమ్మేళనాల రంగులను పరిశీలించి దీనిని రూపొందించినాడు. అడుగున అయొడైడు, దానిపైన వరుసగా బ్రోమైడు, క్లోరైడు, ఫ్లోరైడు, ఆక్సలేటు, నీరు, అమ్మోనియా, ఎథిలీన్ డైఅమీను, పైన సయనైడు, కార్బన్ మోనాక్సైడు.

ఈ వరుసలో దోషం లేదు. ఇది కొలతలనుండి పుట్టిన వరుస. దోషం దానికి మనం చెప్పే వ్యాఖ్యానంలో ఉన్నది. పుస్తకం ఒక పుటలో స్ఫటిక క్షేత్ర సిద్ధాంతం చెబుతుంది: లైగాండులు బిందువులవంటి ఋణావేశాలు, అవి d ఎలక్ట్రానులను వికర్షిస్తాయి, అందుచేత మెట్లు విడిపోతాయి. తరువాతి పుటలో ఈ శ్రేణిని ఇస్తుంది. ఆ రెండు పుటలూ ఒకదానితో ఒకటి పొసగవన్న మాట చెప్పదు. ఋణావేశపు వికర్షణే కారణమైతే, ఋణావేశం గల ఫ్లోరైడు, ఆవేశంలేని నీటికంటె పైన ఉండవలసినది, కింద ఉన్నది. ఏ ఆవేశమూ లేని కార్బన్ మోనాక్సైడు అట్టడుగున ఉండవలసినది; శిఖరాన ఉన్నది. శ్రేణి తనంతట తానే బిందు ఆవేశాల చిత్రాన్ని కాదంటున్నది.

అయితే స్ఫటిక క్షేత్ర సిద్ధాంతం అంతా వ్యర్థమా? కాదు. 1929లో బెథె చూపినది ముఖ్యంగా సౌష్ఠవానికి చెందిన విషయం. ఆరు దిక్కులనుండి ఒకే తీరుగా చుట్టుముట్టినప్పుడు అయిదు ఆర్బిటాళ్లు మూడు, రెండుగా విడిపోక తప్పదు. ఎందువల్ల విడిపోయినవి అన్న ప్రశ్నతో సౌష్ఠవానికి నిమిత్తం లేదు. ఆవేశాల వికర్షణ అయినా, సమయోజనీయ బంధం అయినా, విడిపోయే తీరు అదే. 1935లో వాన్ వ్లెక్ ఈ సంగతినే చూపినాడు. సౌష్ఠవాన్ని లెక్కించే సమూహ సిద్ధాంతం మీద మనవారు భగవంతం, వెంకటరాయుడు వ్రాసిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1948లో వాల్తేరులో ప్రచురించినది. మెట్లు ఎన్ని, ఎట్లు విడిపోతాయి అన్నది ఆ గణితం చెబుతుంది. మెట్ల మధ్య ఎడమెంత, అది ఎందువల్ల వచ్చినది అన్నది చెప్పదు. అందుకు ప్రయోగాన్నే అడగవలె.

రెండు సీసాలను అడుగుదాము

క్రోమ్ పటిక ద్రావణాన్ని స్పెక్ట్రోఫోటోమీటరులో పెట్టి చూస్తే, కంటికి కనిపించే కాంతిలో రెండు శోషణ పట్టీలు కనబడతాయి. ఒక పట్టీ శిఖరం సుమారు 575 నానోమీటర్లవద్ద, రెండవది సుమారు 407 నానోమీటర్లవద్ద ఉంటాయి. శక్తిని పోల్చడానికి వీటిని తరంగ సంఖ్యలుగా, అనగా ఒక సెంటీమీటరులో ఇమిడే తరంగాల సంఖ్యగా మార్చుకోవలె. అప్పుడు మొదటిది 17,400, రెండవది 24,600. ఆక్సలేటు ద్రావణంలో ఈ రెండు శిఖరాలు సుమారు 571, 418 నానోమీటర్లవద్ద వస్తాయి. తరంగ సంఖ్యలలో 17,500, 23,900.

మూడు d ఎలక్ట్రానులున్న క్రోమియంలో మొదటి పట్టీ తరంగ సంఖ్యే నేరుగా Δ. కనుక నీటికి Δ 17,400, ఆక్సలేటుకు 17,500. ఇది నూటికి ఒకటి కూడా కాని తేడా. శ్రేణిలో సాధారణంగా ఆక్సలేటును నీటికి ఒక మెట్టు కింద వ్రాస్తారు. ఇక్కడ అది వెంట్రుకవాసి పైన ఉన్నది. లోహం మారితే ఇరుగుపొరుగు లైగాండులు ఇట్లు తారుమారు కావడం సహజం. ఏమైనా, బలంలో రెండూ సమానమన్న విద్యార్థి మాట నిజమే.

కాని రెండవ పట్టీ చూడండి. అది 407నుండి 418కి జరిగినది. ఊదా, నీలం అంచులో ఈ పట్టీ జరిగినందువల్లనే రంగు ఛాయ మారినది. ఆక్సలేటు ద్రావణం కాంతిని అయిదారు రెట్లు ఎక్కువగా పీలుస్తుంది, నిజమే. అయితే నీరు పోసి పలుచన చేసినా ఛాయలోని తేడా పోదు. మొదటి పట్టీ చోటు మారకుండా రెండవది ఎందుకు జరిగినది? శ్రేణిలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. Δ తప్ప మరొక రాశి ఏదో ఇక్కడ పనిచేస్తున్నది.

ఎలక్ట్రానుల పరస్పర వికర్షణ

ఆ రాశి పేరు B. 1940 దశకంలో పరమాణు వర్ణపటాల గణితాన్ని తీర్చిదిద్దిన జూలియో రాకా పేరుమీద దీనిని రాకా పరామితి అంటారు. పేరు కొత్తగా ఉన్నా భావం సులభం.

క్రోమియం అయానులో మూడు d ఎలక్ట్రానులున్నాయి. మూడింటి స్పిన్నులూ ఒకే దిశలో ఉంటే, అయిదు ఆర్బిటాళ్లలో మూడింటిని ఎంచుకోవడానికి పది మార్గాలున్నవి. లైగాండులు లేని ఒంటరి అయానులో ఈ పదీ ఒకే శక్తితో ఉండవు. ఏడు ఒక గుంపుగా కింద ఉంటాయి. దానికి F అని పేరు. మూడు ఒక గుంపుగా పైన ఉంటాయి. దానికి P అని పేరు. P గుంపులోని అమరికలలో ఎలక్ట్రానులు ఒకదానికొకటి సగటున దగ్గరగా తిరుగుతాయి. ఆ కారణంచేత వాటి పరస్పర వికర్షణ ఎక్కువ, శక్తి ఎక్కువ. ఈ రెండు గుంపుల ఎడం 15B. కాబట్టి B అంటే d ఎలక్ట్రానులు ఒకదానినొకటి ఎంతగా నెట్టుకుంటున్నాయో చెప్పే కొలత. ఒంటరి క్రోమియం అయానులో దీని విలువ 918.

ఇప్పుడు ఆరు లైగాండులు వచ్చి చేరినవి. F గుంపు మూడు స్థాయిలుగా చీలుతుంది. అడుగు స్థాయినుండి Δ ఎత్తున రెండవది, 1.8Δ ఎత్తున మూడవది. P గుంపు చీలదు. కాని F నుండి చీలిన మూడవ స్థాయికీ, P కీ సౌష్ఠవం ఒకటే. ఒకే సౌష్ఠవం గల రెండు స్థాయిలు దగ్గరపడితే ఒకదానినొకటి దూరంగా నెట్టుకుంటాయి: కిందిది ఇంకా కిందికి, పైది ఇంకా పైకి. ఈ నెట్టుడులోనే మన రహస్యం ఉన్నది.

పటిక ద్రావణంలో నెట్టుడే లేకపోతే రెండవ పట్టీ 17,400కు 1.8 రెట్లు, అనగా 31,320వద్ద రావలసినది. వచ్చినది 24,600వద్ద. అనగా 6,720 కిందికి నెట్టబడినది. ఆక్సలేటులో 31,500వద్ద రావలసినది 23,900వద్ద వచ్చినది. నెట్టుడు 7,600. Δ సమానంగా ఉన్నప్పుడు నెట్టుడు ఎక్కువైనదంటే, పైనున్న P స్థాయి మరింత కిందికి దిగివచ్చినదన్న మాట. P దిగడమంటే 15B తగ్గడమే. ఆక్సలేటు నడుమ ఉన్న క్రోమియంలో d ఎలక్ట్రానులు ఒకదానినొకటి తక్కువగా నెట్టుకుంటున్నవి.

ఎంత తక్కువో లెక్క కట్టవచ్చును. మొదటి పట్టీని ν₁, రెండవదానిని ν₂ అంటే, ఆ రెండు స్థాయిల నెట్టుడునుండి ఈ సూత్రం వస్తుంది:

B = (2ν₁² + ν₂² − 3ν₁ν₂) ÷ (15ν₂ − 27ν₁)

అంకెలు పెద్దవి కాకుండా తరంగ సంఖ్యలను వేలలో వ్రాసుకుందాము. నీటికి ν₁ 17.4, ν₂ 24.6. పైన 605.52 + 605.16 − 1284.12 = −73.44. కింద 369.0 − 469.8 = −100.8. భాగిస్తే 0.729 వేలు, అనగా B = 729. ఆక్సలేటుకు పైన 612.50 + 571.21 − 1254.75 = −71.04. కింద 358.5 − 472.5 = −114.0. భాగిస్తే B = 623.

ఒంటరి అయానులో 918 ఉన్న B, నీటి నడుమ 729 అయినది, ఆక్సలేటు నడుమ 623 అయినది. లైగాండులు కేవలం బయట నిలిచిన ఆవేశాలే అయితే, లోహం ఎలక్ట్రానులు లోహంమీదనే ఉండవలె. వాటి పరస్పర వికర్షణ దాదాపు మారకూడదు. మారినదంటే ఆ ఎలక్ట్రానుల మేఘం విస్తరించినది. అవి లైగాండుల పరమాణువులమీదికి కూడా పోయి తిరుగుతున్నవి. ఒక గదిలో కిక్కిరిసినవారికి పక్కగది తలుపు తెరిస్తే తోపులాట తగ్గినట్లు. 1958లో షేఫర్, యూర్గెన్‌సెన్ అనే ఇద్దరు డెన్మార్కు రసాయన శాస్త్రజ్ఞులు దీనికి గ్రీకు భాషలో మేఘ విస్తరణ అనే అర్థం వచ్చేటట్లు నెఫలాక్సెటిక్ ప్రభావమని పేరు పెట్టినారు. లైగాండులను ఈ గుణాన్నిబట్టి మరొక శ్రేణిలో పేర్చినారు. ఫ్లోరైడులో విస్తరణ అతి తక్కువ. తరువాత నీరు, అమ్మోనియా, ఎథిలీన్ డైఅమీను, ఆక్సలేటు, క్లోరైడు, సయనైడు, బ్రోమైడు, అయొడైడు.

విద్యార్థి ప్రశ్నకు జవాబు ఇదే. నీరూ ఆక్సలేటూ మొదటి నిచ్చెనమీద ఒకే మెట్టున ఉన్నవి. రెండవ నిచ్చెనమీద వేర్వేరు మెట్లమీద ఉన్నవి. రంగును నిర్ణయించేది రెండు నిచ్చెనలూ కలిసి.

అడుగునున్న క్లోరైడు, శిఖరాన ఉన్న సయనైడు

ఇదే లెక్క మరి కొన్ని క్రోమియం అయానులకు చేస్తే వచ్చే ఫలితం చూడండి. మొదటి అంకె Δ, రెండవది B.

క్లోరైడు: 13,200, 558
నీరు: 17,400, 729
ఆక్సలేటు: 17,500; 623
అమ్మోనియా: 21,550; 657
సయనైడు: 26,700, 529

Δ పట్టికలో క్లోరైడు అడుగున, సయనైడు శిఖరాన ఉన్నవి. ఒకదానికి రెండవది రెండింతలు. B పట్టికలో ఆ రెండే పక్కపక్కన ఉన్నవి! ఈ రెండు అంకెల మధ్య తేడా కేవలం 29. మన పుస్తకాలు “బలహీన క్షేత్రం” అనే మాటకు “అయానిక బంధం”, “ప్రబల క్షేత్రం” అనే మాటకు “సమయోజనీయ బంధం” అనే అర్థాన్ని చెప్పకుండానే అంటగడతాయి. ఈ పట్టిక ఆ అంటును తెంచివేస్తున్నది. క్లోరైడు క్షేత్రం బలహీనమే. బంధం మాత్రం గణనీయంగా సమయోజనీయమైనది. నీటి క్షేత్రం క్లోరైడుకంటె బలమైనది; బంధం మాత్రం అంతకంటె తక్కువ సమయోజనీయమైనది.

ఇందుకు కారణమేమి? Δ ఒక తేడా. పైమెట్టు శక్తిలోనుండి కిందిమెట్టు శక్తిని తీసివేస్తే వచ్చే శేషం. లైగాండు తన జంట ఎలక్ట్రానులను లోహానికి సూటిగా ఇచ్చి సిగ్మా బంధం కట్టినప్పుడు పైమెట్టు పైకి పోతుంది, Δ పెరుగుతుంది. క్లోరైడు అంతటితో ఆగదు. తన పక్కవాటు ఎలక్ట్రానులతో కిందిమెట్టు ఆర్బిటాళ్లతో కూడా పై బంధం కడుతుంది. దానివల్ల కిందిమెట్టు కూడా పైకి లేస్తుంది. రెండు మెట్లూ లేస్తే ఎడం చిన్నదే. సయనైడులో దీనికి విరుద్ధం. దాని ఖాళీ ఆర్బిటాళ్లు కిందిమెట్టు ఎలక్ట్రానులను తనవైపు లాగుతాయి. కిందిమెట్టు దిగుతుంది, ఎడం పెద్దదవుతుంది. రెండింటిలోను లోహానికీ లైగాండుకూ మధ్య ఎలక్ట్రానుల పంపకం విస్తారంగానే జరుగుతున్నది. ఒక చోట ఆ పంపకం Δను తగ్గించినది, మరొక చోట పెంచినది.

వరంగల్లు ఎనుమాముల మార్కెట్టులో ఇద్దరు వర్తకులున్నారనుకొందాము. సాయంత్రం ఒకరి చేతిలో వెయ్యి రూపాయలు మిగిలినవి, ఇంకొకరి చేతిలో పదివేలు మిగిలినవి. మిగులునుబట్టి మొదటివాని వ్యాపారం చిన్నదని చెప్పగలమా? అతడు రెండవవానికి సమానంగా సరుకు కొని అమ్మి ఉండవచ్చును. జమా ఖర్చూ దాదాపు సరిపోయి ఉండవచ్చును. Δ అనేది మిగులు. జరిగిన వ్యాపారమెంతో తెలియాలంటే వేరే ఖాతా చూడవలె. B ఆ ఖాతా.

రెండవ నిచ్చెనకు కూడా హద్దులున్నవి

ఒక నిచ్చెనను అతిగా నమ్మినందుకు విమర్శించి, రెండవదానిని అంతే గుడ్డిగా నమ్మమనడం న్యాయం కాదు. దాని లోపాలు కూడా చెప్పుకోవలె.

మొదటిది కొలతకు చెందినది. ఈ పట్టీలు వెడల్పైనవి. శిఖరం ఎక్కడ ఉన్నదో కచ్చితంగా చెప్పడం కష్టం. పటిక ద్రావణంలో రెండవ శిఖరాన్ని 406.5 అనడానికి బదులు 408 నానోమీటర్లని చదివితే తరంగ సంఖ్య సుమారు 100 తగ్గుతుంది. B సుమారు 14 తగ్గి 715 అవుతుంది. మొదటి శిఖరంలో 100 తప్పు జరిగినా అంతే మార్పు వస్తుంది. కాబట్టి విద్యార్థి 728.6 అని వ్రాస్తే ఆ దశాంశానికి అర్థం లేదు. క్లోరైడు, సయనైడుల మధ్య 29 తేడాను చూసి ఏది ఎక్కువ అని వాదించడం కూడా తగదు. రెండూ దగ్గరివని చెప్పడమే తగినది.

ఇంకొక పరీక్ష కూడా ఉన్నది. పటిక ద్రావణానికి అతినీలలోహితంలో, 265 నానోమీటర్ల ప్రాంతంలో మూడవ పట్టీ ఉన్నది. తరంగ సంఖ్య సుమారు 37,800. సాధారణ గాజు పాత్ర ఆ కాంతిని ఆపివేస్తుంది కనుక క్వార్ట్జు పాత్ర కావలె. B 729 అయితే మూడవ పట్టీ 38,500 ప్రాంతంలో రావలెనని సూత్రం చెబుతుంది. సుమారు 700 కింద వచ్చినది. మూడు పట్టీలనూ వాడి B లెక్క కడితే 680 వస్తుంది. ఒకే ద్రావణానికి రెండు దారులలో రెండు విలువలు! మన సిద్ధాంతం సరళమైనదనీ, దానిలో 50 వరకు పొరపాటు ఇమిడి ఉన్నదనీ దీనివల్ల తెలుస్తున్నది. నీటికీ ఆక్సలేటుకూ ఉన్న తేడా 106. ఆ పొరపాటుకు రెండింతలు. కనుక మన తీర్పు నిలుస్తుంది. కాని రెండు లైగాండులను పోల్చేటప్పుడు ఒకే దారిలో లెక్క కట్టిన విలువలనే పోల్చవలె. పుస్తకాలలో B విలువలు ఒకదానితో ఒకటి సరిపడకపోవడానికి తరచుగా ఇదే కారణం.

రెండవ లోపం భావానికి చెందినది. లైగాండు నడుమనున్న Bని ఒంటరి అయాను Bతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని β అంటారు. నీటికి 729ని 918తో భాగిస్తే 0.79. దీనిని చూసి “బంధంలో నూటికి 21 పాళ్లు సమయోజనీయత” అని వ్రాయడం పొరపాటు. B తగ్గడానికి రెండు దారులున్నవి. లోహపు ఎలక్ట్రాను లైగాండు మీదికి పోవడం ఒకటి. లైగాండు ఇచ్చిన ఎలక్ట్రానులవల్ల లోహంమీది ధనావేశం తగ్గి, కేంద్రకం పట్టు సడలి, d మేఘం తనంతట తాను ఉబ్బడం రెండవది. రెండూ ఎలక్ట్రానుల పంపకంనుండే పుట్టినవి. కాని B ఒక్కటే వాటిని విడదీసి చెప్పలేదు. β వరుసను చెబుతుంది, పాళ్లను చెప్పదు. పాళ్లు కావాలంటే వేరే సాక్షి కావలె. అట్టి సాక్షి 1953లో దొరికినది. ఇరిడియం హెక్సాక్లోరైడు అయాను మీద ఎలక్ట్రాను స్పిన్ అనునాద ప్రయోగం చేసినప్పుడు, ఇరిడియానిది అనుకొన్న జతలేని ఎలక్ట్రాను క్లోరిన్ కేంద్రకాల ప్రభావానికి లోనైనట్లు కనబడినది. ఆరు క్లోరిన్‌లమీదా కలిపి అది సుమారు నూటికి 30 పాళ్లు గడుపుతున్నదని ఓవెన్, స్టీవెన్స్ లెక్క తేల్చినారు. బలహీన క్షేత్రమని పేరుబడిన క్లోరైడు గురించే ఈ సాక్ష్యం అన్నది గమనించవలె.

మూడవది, ఏ అయానును కొలుస్తున్నామో సరిగా తెలియకపోవడం. క్రోమ్ పటికను వేడినీటిలో కరిగిస్తే ద్రావణం ఆకుపచ్చ అవుతుంది. చల్లారిన వెంటనే ఊదారంగు తిరిగి రాదు. సల్ఫేటు వంటివి నీటిని తొలగించి క్రోమియంతో చేరినవి. అది ఆరు నీటి అణువుల అయాను కాదు. అట్లే అంగడిలో దొరికే ఆకుపచ్చని క్రోమిక్ క్లోరైడును నీటిలో కరిగించి, క్లోరైడు విలువ దొరికినదని అనుకోరాదు. దానిలో క్రోమియం చుట్టూ రెండే క్లోరైడులు, నాలుగు నీటి అణువులు ఉన్నవి. పై పట్టికలోని క్లోరైడు విలువ ఆరు క్లోరైడుల అయానుది. నీరు లేని పరిస్థితులలో కొలిచినది.

ఉపాధ్యాయులకు ఒక మాట

ఈ రెండు సంఖ్యలనూ కలిపి ప్రకటించడం పరిశోధకులకు కొత్త కాదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎస్.వి.జె. లక్ష్మణ్, బి.జె. రెడ్డి 1970 దశకంలో ఖనిజాల శోషణ వర్ణపటాలను పరిశీలించినప్పుడు, మాంగనీసుగల రోడొనైటు వంటి వాటికి క్షేత్ర బలాన్నీ, Bనీ పక్కపక్కనే లెక్కించినారు. పరిశోధనశాలలో రెండు ఖాతాలు చూసే మనమే తరగతి గదిలో ఒక ఖాతా మూసి పాఠం చెబుతున్నాము.

సమూహ సిద్ధాంతం, రాకా గణితం పాఠశాలలో చెప్పమని నేను అనడం లేదు. శ్రేణిని నల్లబల్ల మీద వ్రాసినప్పుడు, అది మెట్ల ఎడానికి వరుసే గాని బంధపు తరహాకు వరుస కాదని ఒక్క వాక్యం చేర్చవలె. క్లోరైడు, సయనైడు అంకెలను దాని పక్కన వ్రాస్తే ఆ వాక్యానికి రుజువు దొరుకుతుంది. రెండు ద్రావణాలను కిటికీకి ఎత్తిపట్టి, Δ సమానమైనా రంగు ఎందుకు వేరైనదని అడిగితే పిల్లలకు అది మరపునకు రాదు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. డైక్రోమేటు విషపదార్థం, కాన్సరుకు కారణం కాగలది. తయారీ పని కళాశాలలోనే చేసి, సిద్ధమైన లవణాలను మాత్రమే పాఠశాలకు తీసుకుపోవలె.

నేను మార్కులు వేసిన జవాబు సంగతి మిగిలినది. మరుసటి తరగతిలో ఆ వాక్యాన్ని బల్లమీద వ్రాసి, “కనుక” అన్న మాటకు కింద గీత గీసినాను. సమానబలం గలవి అన్నదాకా కొలత ఉన్నది. “కనుక” తరువాత కొలత లేదు. ఆ ప్రశ్న అడిగిన విద్యార్థి అప్పుడు రెండు ద్రావణాల అంకెలూ తీసుకొని, తన నోటు పుస్తకంలో B లెక్క కట్టుకొన్నాడు. అతనికి 623కు బదులు 640 వచ్చినది. శిఖరాన్ని రెండు నానోమీటర్లు తక్కువగా చదివినాడు. కాని అతని 640 కూడా నీటి 729కి చాలా కిందనే ఉన్నది. జవాబు సరిపోయినది.